రెండో లేత్ మిషన్ పైసలు ఎన్నాళ్లకు తిరిగొస్తాయి? మిత్తి లేకుండా ఒక లెక్క, మిత్తితో ఇంకో లెక్క

మిర్యాలగూడలో రైస్ మిల్లుల మీద ఆధారపడ్డ లేత్ వర్క్‌షాప్‌కు ఏడాదిలో రెండుసార్లు ఊపిరాడదు. వానాకాలం వడ్లు వచ్చే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఒకసారి, యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ఇంకోసారి. ఎలివేటర్ షాఫ్ట్ అరిగిందని ఒక మిల్లు నుంచి, పాలిషర్ బేరింగ్ సీటు వదులైందని ఇంకో మిల్లు నుంచి, పుల్లీకి బుష్ కావాలని మరో మిల్లు నుంచి మనుషులు వచ్చి నిలబడతారు. మిల్లు ఆగితే వాళ్లకు గంట గంటకూ నష్టమే కాబట్టి ఎదురుచూడరు, పక్క షాపుకు పోతారు. అప్పుడే ఓనర్‌కు రెండో మిషన్ ఆలోచన వస్తుంది.

మిషన్ అమ్మేవాళ్లు చెప్పే లెక్క చాలా చిన్నది. "మిషన్ 3,40,000. నెలకు 40,000 పని ఎక్కువ చేస్తారు. ఎనిమిదిన్నర నెలల్లో పైసలు వాపస్." ఈ మాటలో రెండు అంకెలూ నిజమే కావచ్చు, జవాబు మాత్రం తప్పు. అదే మిషన్‌ను, అదే పనిని సరిగా లెక్కేస్తే ఎనిమిదిన్నర నెలలు దాదాపు ఐదేళ్లు ఎలా అవుతాయో ఒక నమూనా వర్క్‌షాప్ మీద వరుసగా చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే. మీరు చేసేటప్పుడు మీ షాపు అంకెలు పెట్టుకోండి.

## మొదట తేల్చాల్సింది: ఏది అదనపు పని?

పెట్టిన పైసలు ఎన్నాళ్లకు తిరిగొస్తాయో చూసే పేబ్యాక్ లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. రెండో మిషన్ మీద జరిగే పనంతా రెండో మిషన్ సంపాదన కాదు. మొదటి మిషన్ మీద ఎలాగూ జరిగే పనిలో సగం కొత్తదాని మీదికి పోతే షాపుకు ఒక్క రూపాయి కూడా పెరగదు. మిషన్ కొంటే వచ్చే, కొనకపోతే రాని పైసలనే లెక్కలోకి తీసుకోవాలి.

దీనికి ఒక నోట్‌బుక్ చాలు. ఒక సీజన్ మొత్తం, చేయలేకపోయిన ప్రతి పనినీ రెండు కాలమ్‌లలో రాయండి. వెనక్కి తిరిగి వేరే షాపుకు పోయినవి ఒక కాలమ్. "నాలుగు రోజులాగి ఇస్తాం" అంటే ఒప్పుకుని మన దగ్గరే ఉంచినవి ఇంకో కాలమ్. రెండోవి ఆలస్యమైన పనులే తప్ప పోయిన పనులు కావు, మిషన్ కొన్నా కొనకున్నా వాటి మజూరి మనకే వస్తుంది. కాబట్టి లెక్కలోకి వచ్చేది మొదటి కాలమ్ ఒక్కటే. సీజన్‌లో రద్దీ చూస్తే పని రెట్టింపు పోయినట్టు అనిపిస్తుంది కానీ రాసి చూస్తే అంత ఉండదు.

ఆ పనులు ఎందుకు పోయాయో కూడా పక్కన రాయండి. షాఫ్ట్ టర్నింగ్ గంటలో అయిపోయి, కీవే కొట్టడానికి ఉన్న ఒక్క షేపర్ దగ్గర వరుస నిలబడితే, రెండో లేత్ కొన్నా ఆ వరుస తగ్గదు. కొలతలు చూసి, రేటు మాట్లాడి, పని పంచేది ఓనర్ ఒక్కడే అయినా అంతే. పోయిన పనుల్లో లేత్ ఖాళీ లేక పోయినవే లేత్ ఖాతాలో పడాలి.

ఇంకొకటి, మజూరిని మాత్రమే రాయండి. గిరాకీ కోసం మనమే ఈఎన్-8 రాడ్ తెచ్చి షాఫ్ట్ చేసిస్తే బిల్లు పెద్దగా కనిపిస్తుంది, కానీ అందులో రాడ్ పైసలు ఇనుము షాపువాడివి.

మన నమూనా షాపులో ఇలా తేలిందనుకుందాం: ఐదు సీజన్ నెలల్లో నెలకు 62,000, మిగతా ఏడు నెలల్లో ట్రాక్టర్ పిన్నులు, బోరు మోటార్ల బుష్‌ల వంటి పనులతో నెలకు 24,000. ఏడాదికి మొత్తం 4,78,000. అమ్మేవాళ్లు చెప్పిన "నెలకు 40,000" సరాసరిన ఇదే. వాళ్లు అబద్ధం చెప్పలేదు, ఖర్చులు చెప్పలేదు.

## మిషన్ తిరగడం మొదలయ్యే దాకా అయ్యే ఖర్చు

3,40,000 అనేది కొటేషన్ మీద ఉండే రేటు. దాని మీద 18 శాతం జీఎస్టీ 61,200. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి మామూలు పద్ధతిలో రిటర్న్‌లు వేసే షాపుకు ఈ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది కాబట్టి ఖర్చులో కలపకూడదు. రిజిస్ట్రేషన్ లేకపోయినా, కాంపొజిషన్‌లో ఉన్నా తిరిగి రాదు, కలపాల్సిందే. మన షాపుకు రిజిస్ట్రేషన్ లేదు.

హైదరాబాద్ నుంచి లారీ కిరాయి, క్రేన్‌తో దింపుడు 14,000. కాంక్రీటు బెడ్డు, ఫౌండేషన్ బోల్టులు 18,000. వైరింగ్, స్టార్టర్, అదనపు లోడ్‌కు కట్టే పైసలు 16,800. ఫోర్-జా చక్, స్టెడీ రెస్ట్, టూల్ హోల్డర్లు 30,000. అన్నీ కలిపితే 4,80,000. పేబ్యాక్ మొదలుపెట్టాల్సిన అంకె ఇది.

## ఏడాదికి చేతిలో మిగిలేది

రెండో మిషన్‌కు రెండో టర్నర్ కావాలి. నెలకు 18,000 జీతమైతే ఏడాదికి 2,16,000. పని లేని నెలల్లో కూడా ఇవ్వాల్సిందే. ఆపితే సీజన్‌కు మనిషి దొరకడు. కరెంటు 26,000, టూల్ బిట్లు, ఇన్సర్ట్‌లు, కూలెంట్ ఆయిల్ కలిపి 30,000, రిపేర్లు 22,000. ఇవి కాక ఉద్దెర పెట్టి ఎగ్గొట్టేవాళ్ల కింద వసూళ్లలో సుమారు 5 శాతం, అంటే 24,000. మొత్తం 3,18,000. వచ్చేదాంట్లోంచి తీసేస్తే మిగిలేది 1,60,000.

మొదటి ఏడాది అంత రాదు. కొత్త టర్నర్ చేయి కుదరాలి, పక్క షాపుకు అలవాటుపడ్డ మిల్లులు తిరిగి రావాలి. కాబట్టి మొదటి ఏడాదికి 1,00,000 పెట్టుకుందాం.

ఈ జాబితాలో కావాలనే వదిలేసినవి రెండున్నాయి. ఒకటి తరుగుదల. ఆడిటర్ పుస్తకంలో ఏటా మిషన్ విలువ తగ్గించి ఖర్చు రాస్తాడు. పేబ్యాక్‌లో మిషన్ ధర మొత్తాన్ని మొదటి రోజే రాశాం కాబట్టి మళ్లీ తరుగుదల తీస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. రెండోది బ్యాంకు కిస్తీ. అసలు, మిత్తి ఏదీ ఇక్కడ తీయకూడదు. అసలు ఆ 4,80,000లోనే ఉంది, మిత్తి కాసేపట్లో వేరే దారిలో వస్తుంది. కిస్తీని ఖర్చులో రాసి, తర్వాత మిత్తి కోసం డిస్కౌంట్ కూడా చేస్తే మంచి మిషన్ కూడా దండగ అని తేలుతుంది.

## మిత్తి లేని లెక్క

మామూలు పేబ్యాక్‌లో కూడుకుంటూ పోవడమే. మొదటి ఏడాది చివరికి 1,00,000, రెండో ఏడాదికి 2,60,000, మూడో ఏడాదికి 4,20,000 వస్తాయి. ఇంకా 60,000 కావాలి. నాలుగో ఏడాదిలో వచ్చే 1,60,000లో ఆ 60,000 అంటే నాలుగున్నర నెలల పని. కాబట్టి పేబ్యాక్ మూడేళ్ల నాలుగున్నర నెలలు.

ఈ లెక్కకు ఒక మంచి గుణం ఉంది, ఎవరైనా వేలు మీద వేసుకోవచ్చు. కానీ మూడేళ్ల తర్వాత వచ్చే లక్షను ఈ రోజు చేతిలో ఉన్న లక్షతో సమానంగా చూస్తుంది. అప్పు ఇచ్చేవాళ్లెవరూ అలా చూడరు.

## ఏ మిత్తి పెట్టాలి?

మన దగ్గర మిత్తిని నూటికి నెలకు ఇన్ని రూపాయలని మాట్లాడతాం. నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రూపాయిన్నర అంటే 18, రెండు రూపాయలంటే 24. డిస్కౌంట్ రేటు అని పుస్తకాల్లో రాసేది ఇదే: ఈ పైసలు మిషన్‌లో పెట్టకపోతే వాటి మీద ఎంత మిత్తి వచ్చేది, లేదా ఎంత మిత్తి తప్పేది?

మన షాపు 2,40,000 బ్యాంకులో 12 శాతానికి తెస్తుంది. ముద్ర పథకం కిశోర్ కేటగిరీ 50,000 పైనుంచి 5 లక్షల దాకా ఉంటుంది కాబట్టి ఈ అప్పు అందులో పడుతుంది. మిగతా 2,40,000 ఓనర్ సొంత పైసలు. అవి రూపాయిన్నర మిత్తికి బయట తిరుగుతున్నాయి. సగం 12, సగం 18, కాబట్టి సరాసరి 15 శాతం. సొంత పైసలకు మిత్తి లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మిషన్ కోసం వెనక్కి తెచ్చుకుంటే ఆ మిత్తి ఆగిపోతుంది, అది నిజమైన నష్టమే.

## మిత్తితో లెక్క: మిషన్ పేరు మీద ఒక ఖాతా

డిస్కౌంటెడ్ పేబ్యాక్‌ను పుస్తకాల్లో గుణకాల పట్టికతో నేర్పుతారు. ఏ ఏడాది వచ్చిన పైసలనైనా ఈనాటి విలువకు తగ్గించి కూడాలి. అదే జవాబు బాకీ ఖాతాతో కూడా వస్తుంది, ఖాతా మనందరికీ తెలిసిన దారి. మిషన్ మనకు 4,80,000 బాకీ పడిందని రాయండి. ఏటా ఆ బాకీకి 15 శాతం మిత్తి కలపండి, మిషన్ ఇచ్చిన పైసలు తీసేయండి. బాకీ సున్నా అయ్యే రోజే డిస్కౌంటెడ్ పేబ్యాక్.

| ఏడాది | మిత్తి కలిపాక బాకీ | మిషన్ ఇచ్చింది | మిగిలిన బాకీ |
|---|---|---|---|
| 1 | 5,52,000 | 1,00,000 | 4,52,000 |
| 2 | 5,19,800 | 1,60,000 | 3,59,800 |
| 3 | 4,13,770 | 1,60,000 | 2,53,770 |
| 4 | 2,91,836 | 1,60,000 | 1,31,836 |
| 5 | 1,51,611 | 1,60,000 | తీరింది |

మొదటి ఏడాది చూడండి. మిషన్ లక్ష ఇచ్చింది, బాకీ తగ్గింది మాత్రం 28,000. మిగతా 72,000 మిత్తికే పోయింది. ఐదో ఏడాది చివరికి తీరి, 8,000 పైచిలుకు మిగులుతుంది. నెలల్లో చెప్పాలంటే నాలుగేళ్ల పదకొండు నెలలు. మిత్తి లేని లెక్కకూ దీనికీ ఏడాదిన్నర తేడా.

పుస్తకం దారిలో చేసినా ఇదే వస్తుంది: ఐదేళ్ల పైసల ఈనాటి విలువలు 86,957, 1,20,983, 1,05,203, 91,481, 79,548. కూడితే 4,84,172, అంటే 4,80,000 దాటింది ఐదో ఏడాదిలోనే.

కంప్యూటర్‌లో వేయాలంటే E1లో 0.15, C2లో 480000 పెట్టి, B3 నుంచి కిందికి ఏటా వచ్చే పైసలు రాయండి. C3లో ఇది రాసి కిందికి లాగండి:

```
=C2*(1+$E$1)-B3
```

C కాలమ్‌లో మైనస్ వచ్చిన ఏడాదిలో బాకీ తీరినట్టు. ఆ కింది వరుసలు చూడొద్దు. E1లో 0.24 పెట్టి చూస్తే, అంటే మొత్తం రెండు రూపాయల మిత్తికి తెస్తే, బాకీ ఎనిమిదో ఏడాదికి గానీ తీరదు. ప్రైవేటు ఫైనాన్స్‌తో మిషన్ కొనేవాళ్లు సంతకం పెట్టే ముందు ఈ ఒక్క గడి మార్చి చూడాలి.

## సాగర్ నీళ్లు రాని ఏడాది

పై లెక్కలో ప్రతి ఏడాదీ రెండు పంటలు పండాయి. మిర్యాలగూడ వైపు అది సాగర్ ఎడమ కాలువ మీద ఆధారపడ్డ మాట. 2023లో కృష్ణకు వరద సరిగా రాక నాగార్జునసాగర్ నిండలేదు, ఆ తర్వాతి యాసంగి దెబ్బతింది. వడ్లు తగ్గితే మిల్లు తక్కువ రోజులు తిరుగుతుంది, షాఫ్టులు అరగవు. మన లేత్‌కు పని తగ్గుతుంది, టర్నర్ జీతం తగ్గదు. అలాంటి ఏడాది 1,60,000 బదులు 40,000 మిగిలిందనుకుందాం.

ఆ ఏడాది రెండోదైతే మామూలు పేబ్యాక్ నాలుగేళ్ల నెలన్నర. నాలుగోదైనా అదే నాలుగేళ్ల నెలన్నర. ఎప్పుడొచ్చినా దానికి ఒకటే. ఖాతాలో పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. రెండో ఏడాది కరువొస్తే బాకీ ఆరేళ్ల మూడున్నర నెలలకు తీరుతుంది, నాలుగో ఏడాదొస్తే ఐదేళ్ల పదకొండు నెలలకు. మొదట్లో తగిలిన దెబ్బకు మిత్తి మీద మిత్తి పెరుగుతుంది కాబట్టి అది ఎక్కువ నొప్పి. అందుకే సాగర్‌లో, పైన శ్రీశైలంలో నీళ్లు అడుగంటిన ఏడాది మిషన్ కొనడం కంటే వచ్చే ఆగస్టు దాకా ఆగి వరద చూసి కొనడం మేలని నా అభిప్రాయం.

## కిస్తీ నెలనెలా వస్తుంది

ఈ రెండు లెక్కలూ ఏడాదిని ఒక ముక్కగా చూస్తాయి. బ్యాంకు అలా చూడదు. 2,40,000 అప్పు 12 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 7,970. సీజన్ నెలలో ఖర్చులన్నీ పోను మిషన్ మీద 30,000 దాకా మిగులుతుంది కాబట్టి అప్పుడు ఇబ్బంది లేదు. సీజన్ లేని నెలలో 24,000 మజూరిలోంచి టర్నర్ జీతం, కరెంటు, టూల్స్ తీస్తే వెయ్యి రూపాయలు కూడా కష్టమే. ఏడాది లెక్కలో లాభంగా ఉన్న మిషనే జూలైలో కిస్తీ కట్టలేదు.

మొదటి ఏడాది ఇంకా బిగువు. ఏడాది కిస్తీలు 95,000 దాటుతాయి, మిషన్ ఇచ్చేది లక్ష. కాబట్టి అక్టోబర్‌కు ముందే మిషన్ దిగి, బిగించి, తిరిగేలా చూసుకోవాలి. జనవరిలో తెస్తే కిస్తీ మొదలవుతుంది, పని ఏప్రిల్‌లో మొదలవుతుంది.

## కొనకుండా చేసే దారితో పోల్చి చూడండి

ఇంతదాకా మిషన్‌ను "ఏమీ చేయకపోవడం"తో పోల్చాం. కానీ ఓనర్ చేతిలో ఇంకో దారి ఉంది: ఉన్న లేత్‌నే సీజన్‌లో రాత్రి షిఫ్టు నడపడం. ఐదు నెలలకు రాత్రి టర్నర్‌ను నెలకు 20,000కు పెట్టుకుంటే జీతం 1,00,000. పోతున్న సీజన్ పనిలో పదింట ఆరు పాళ్లు అలా దొరికితే వచ్చేది 1,86,000. కరెంటు, టూల్స్ వగైరా 40,000 పోను 46,000 మిగులుతుంది. దీనికి పెట్టుబడి లేదు.

ఈ 46,000 మిషన్ లేకున్నా వచ్చేదే కాబట్టి మిషన్ ఖాతాలోంచి తీసేయాలి. అప్పుడు మిషన్ వల్ల నిజంగా పెరిగేది మొదటి ఏడాది 54,000, తర్వాత ఏటా 1,14,000. మామూలు పేబ్యాక్ నాలుగేళ్ల తొమ్మిది నెలలవుతుంది, ఇప్పటికీ పర్లేదనిపిస్తుంది. ఖాతాలో వేస్తే బాకీ తీరేది తొమ్మిదో ఏడాదిలో. రెండు లెక్కల మధ్య దూరం ఇంతగా పెరిగిందంటే ఏటా వచ్చేదాంట్లో ఎక్కువ భాగం మిత్తికే పోతోందని గుర్తు. మొదటి ఏడాది 72,000 మిత్తికి 54,000 వస్తే బాకీ తగ్గదు, 4,98,000కు పెరుగుతుంది. టేబుల్ మొదటి వరుసలోనే బాకీ పెరిగితే అక్కడే ఆగి ఆలోచించాలి.

అయితే రాత్రి షిఫ్టు కాగితం మీద ఉన్నంత తేలిక కాదు. ఐదు నెలలకే వచ్చి పోయే మంచి టర్నర్ దొరకడం కష్టం. రాత్రి పూట వర్క్‌షాప్‌లో ఒక్క మనిషిని లేత్ మీద వదలకూడదు, హెల్పర్ ఉండాలి. హెల్పర్ కూలి కూడా కలిపితే ఆ 46,000 సగానికి పడిపోవచ్చు. ఇళ్ల మధ్య షెడ్డు అయితే రాత్రి చప్పుడుకు గొడవలొస్తాయి. మనిషి దొరకని ఊళ్లో రాత్రి షిఫ్టు ఒక దారే కాదు, అక్కడ ముందటి ఐదేళ్ల ఖాతానే సరైనది.

## ఈ లెక్కకు కనిపించనిది

బాకీ తీరాక ఏం జరుగుతుందో పేబ్యాక్ రెండు రూపాల్లోనూ చూడదు. బెడ్డు అరగకుండా, నూనె వేస్తూ చూసుకున్న లేత్ ఐదేళ్ల తర్వాత కూడా చాలా ఏళ్లు పనిచేస్తుంది. పాతదాన్ని కొనేవాళ్లుంటారు కూడా. నాలుగో ఏడాది చివర మన ఖాతాలో బాకీ 1,31,836 ఉంది. ఆ రోజు మిషన్‌కు అంతకంటే ఎక్కువ ధర పలికితే, అమ్మేసి బయటపడినా మిత్తితో సహా నష్టం లేదన్నమాట. ప్రతి ఏడాది బాకీ పక్కన "ఈ రోజు అమ్మితే ఎంత?" అని ఒక కాలమ్ పెట్టుకోండి. కాంక్రీటు బెడ్డుకు, వైరింగ్‌కు, కట్టిన జీఎస్టీకి అమ్మకంలో ఏమీ రాదని గుర్తుంచుకుని రాయాలి.

ఆ తర్వాత చూడాల్సింది షెడ్డు అగ్రిమెంటు. అద్దె షెడ్డులో ఇంకా మూడేళ్లే ఉంటే ఐదేళ్లకు తీరే ఖాతా కుదరదు, మధ్యలో ఫౌండేషన్, వైరింగ్ మళ్లీ చేయించాలి. షెడ్డు ఓనర్‌తో ముందే మాట్లాడి గడువు పొడిగించుకుని, రాత పూర్వకంగా తీసుకున్నాకే మిషన్‌కు అడ్వాన్సు ఇవ్వండి.